వాలు రాతి గోడకు రాయెంత, మాలెంత? మూడు మీటర్ల రిటైనింగ్ వాల్ లెక్క మొదటి నుంచి

రాతి గోడకు నేను మొదటిసారి సామాను తెప్పించినప్పుడు ఒక పెద్ద తప్పు చేశాను. అది 30 ఘనమీటర్ల చిన్న గోడ. గోడలో మూడో వంతు సిమెంటు మాలు పోతుందని చదివాను కాబట్టి, మిగతా రెండు వంతులు రాయి అనుకుని 20 ఘనమీటర్ల రాయి చెప్పాను. గోడ 16 ఘనమీటర్ల దాకా వచ్చేసరికి రాయి అయిపోయింది. మేస్త్రీలు రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. కూలి మాత్రం నేనే ఇచ్చాను.

ఇప్పటికీ చాలామంది ఇదే తప్పు చేస్తుంటారు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. గోడలో ఉండే రాయి వేరు, ట్రాక్టరు తొట్టిలో వచ్చే రాయి వేరు. ఈ తేడా పట్టుబడితే మిగతా లెక్కంతా కూడికలూ గుణకారాలే.

ఉదాహరణకు మా మావయ్య స్థలం తీసుకుందాం. విజయనగరం జిల్లా శృంగవరపుకోట వైపు, కొండ దిగువన ఉంటుంది. ఇంటి కోసం మెరక చేయాలి, ఆ మట్టి జారిపోకుండా దిగువ అంచున గోడ కట్టాలి. దిగువ అంచు పొడవు 20 మీటర్లు. అక్కడ గోడ మొత్తం ఎత్తు 3 మీటర్లు, అందులో 0.6 మీటరు భూమిలో ఉంటుంది. ఆ మూల దగ్గర గోడ తిరిగి పక్క హద్దు వెంట ఇంకో 10 మీటర్లు పోతుంది. అక్కడ నేల పైకి లేస్తుంది కాబట్టి గోడ ఎత్తు 3 మీటర్ల నుంచి తగ్గుతూ చివర 1.5 మీటర్లకు వస్తుంది.

గోడ పైన వెడల్పు 0.6 మీటరు, అడుగున 1.8 మీటర్లు. అంటే అడుగు వెడల్పు ఎత్తులో 0.6 వంతు. బరువుతోనే మట్టిని ఆపే గోడలకు అడుగు వెడల్పు మామూలుగా ఎత్తులో సగం నుంచి 0.7 వంతు దాకా పెడతారు. ఈ కొలతలు ఇంజనీరు ఇచ్చినవని అనుకుని ముందుకు పోదాం. ఇక్కడ మనం చేసేది సామాను లెక్క, గోడ నిలుస్తుందా లేదా అన్న లెక్క కాదు. గోడ వెనక నల్లమట్టి ఉన్నా, అంచుకు ఆనుకుని బండ్లు తిరిగినా, ఎత్తు 3 మీటర్లు దాటినా ఈ వెడల్పులు పనికిరాకపోవచ్చు.

అడ్డుకోత వైశాల్యం

గోడను అడ్డంగా కోసి చూస్తే ట్రెపీజియం కనిపిస్తుంది. పై వెడల్పు a, అడుగు వెడల్పు b, ఎత్తు h, పొడవు L అనుకుంటే:

```
A = (a + b) / 2 × h
V = A × L
```

మన గోడకు సగటు వెడల్పు 0.6, 1.8 కలిపి సగం చేస్తే 1.2 మీటర్లు. దాన్ని 3 తో గుణిస్తే 3.6 చదరపు మీటర్లు. 20 మీటర్ల పొడవుకు 72 ఘనమీటర్లు.

వాలు ముందు వైపు ఉందా, మట్టి వైపు ఉందా, రెండు వైపులా పంచారా అన్నదానితో ఈ లెక్క మారదు. మావయ్య గోడకు ముందు వైపు 0.3 మీటరు, మట్టి వైపు 0.9 మీటరు వాలు ఇచ్చారు. మొత్తం 1.2 మీటర్ల వాలూ ముందు వైపే ఇచ్చినా వైశాల్యం 3.6 చదరపు మీటర్లే. వాలు ఎటు ఉందన్నది గోడ బలానికీ తవ్వకానికీ కావాలి, రాతి లెక్కకు అక్కర్లేదు.

ఎత్తు మాత్రం నిలువుగా కొలవాలి. టేపును వాలు మీద పరిచి కొలిస్తే అది ఎత్తు కాదు. ముందు వైపు వాలు 0.3 మీటరే అయితే వాలు పొడవు 3.015 మీటర్లు వస్తుంది, దాంతో పెద్ద నష్టం లేదు. కానీ 1.2 మీటర్ల వాలూ ఒక్క వైపే ఉంటే వాలు పొడవు 3.23 మీటర్లు. దాన్ని ఎత్తుగా రాసుకుంటే బిల్లు దాదాపు 8 శాతం పెరుగుతుంది. పైనుంచి తూకం గుండు వదిలి కొలిస్తే ఈ గొడవ ఉండదు.

దీనికన్నా ముతక తప్పు ఇంకోటి ఉంది. ఒక పనిలో నాకు వచ్చిన బిల్లులో అడుగు వెడల్పునే గోడ వెడల్పుగా వేసి, దాన్ని ఎత్తుతోనూ పొడవుతోనూ గుణించారు. మన గోడకు అలా చేస్తే 1.8 × 3 = 5.4 చదరపు మీటర్లు, అంటే ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. తెలియక చేశారో తెలిసే చేశారో నేను అడగలేదు. కాగితం మీద ట్రెపీజియం బొమ్మ గీసి చూపించాక బిల్లు మారింది.

ఎత్తు తగ్గే పది మీటర్లు

పక్క హద్దు గోడ దగ్గర చాలామంది తొందరపడతారు. ఒక చివర 3 మీటర్లు, ఇంకో చివర 1.5 మీటర్లు కాబట్టి సగటు ఎత్తు 2.25 మీటర్లు అనుకుని ఆ ఒక్క కోతతోనే లెక్క ముగిస్తారు. ఇక్కడ ఎత్తుతో పాటు అడుగు వెడల్పు కూడా తగ్గుతోంది. రెండూ కలిసి తగ్గినప్పుడు వైశాల్యం ఎత్తుకు సరిసమానంగా తగ్గదు, అంతకన్నా వేగంగా తగ్గుతుంది.

అడుగు వెడల్పు ప్రతిచోటా ఎత్తులో 0.6 వంతే అనుకుందాం. 3 మీటర్ల చివర వైశాల్యం 3.6. 1.5 మీటర్ల చివర అడుగు వెడల్పు 0.9, వైశాల్యం 1.125. సరిగ్గా మధ్యలో ఎత్తు 2.25, అడుగు వెడల్పు 1.35, వైశాల్యం 2.194 చదరపు మీటర్లు.

మధ్య కోత ఒక్కటే తీసుకుంటే 10 మీటర్లకు 21.9 ఘనమీటర్లు వస్తుంది, అది తక్కువ. రెండు చివరల వైశాల్యాలకు సగటు తీసుకుంటే 23.6 వస్తుంది, అది ఎక్కువ. సరైన జవాబు ఈ రెంటి మధ్య ఉంటుంది. దాన్ని పట్టే సూత్రం ఇది:

```
V = L / 6 × (A1 + 4 × Am + A2)
```

ఇక్కడ `Am` అంటే మధ్యలో నిజంగా కొలిచిన ఎత్తు నుంచి కట్టిన వైశాల్యం. రెండు చివరల వైశాల్యాల సగటును అక్కడ వేయకూడదు. మన లెక్కలో 3.6, 1.125, దానికి నాలుగు రెట్ల 2.194 కలిపితే 13.5. ఆరుతో భాగిస్తే 2.25, పది మీటర్లకు 22.5 ఘనమీటర్లు.

తేడా ఒక ఘనమీటరే కదా అనిపిస్తుంది. పది మీటర్ల గోడకు నిజమే. కొండవాలు వెంట వంద మీటర్ల గోడ కడితే మాత్రం అది చాలా ట్రాక్టర్ల రాయి అవుతుంది. పైగా అక్కడ నేల ఒకే తీరుగా లేవదు కాబట్టి, నేల విరిగిన ప్రతిచోటా ఒక కోత తీసుకుని ఏ ముక్కకు ఆ ముక్క లెక్క వేయాలి.

రెండూ కలిపి 72 + 22.5 = 94.5 ఘనమీటర్ల కట్టుబడి. ఇక నుంచి ఈ అంకెతోనే నడుద్దాం.

నీళ్ళు పోవడానికి గోడలో పెట్టే గొట్టాల చోటును ఇందులోంచి తీసేయక్కర్లేదు. కొలతల ప్రమాణాల్లో 0.1 చదరపు మీటరు దాటని రంధ్రాలను లెక్కలోంచి తీసేయరు. నాలుగు అంగుళాల గొట్టం రంధ్రం అందులో పదో వంతు కూడా ఉండదు.

మట్టి వైపు మెట్లు కడితే

కాగితం మీద మట్టి వైపు వాలుగా గీత ఉంటుంది. గోడ మీద మాత్రం ఆ గీత కనిపించదు. రాళ్ళ మేస్త్రీలకు వెనక వైపు దారం కట్టి వాలు తేవడం కన్నా మెట్లు మెట్లుగా లోపలికి జరగడమే సులువు. మట్టిలో కప్పడిపోయే వైపు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ ఆ మెట్లు ఎక్కడ పెట్టారన్నది సామాను లెక్కను ఏకంగా మార్చేస్తుంది.

మూడు మీటర్లను మీటరు చొప్పున మూడు మెట్లు చేశారనుకుందాం. వాలు గీత ప్రకారం గోడ వెడల్పు అడుగున 1.8, మీటరు ఎత్తులో 1.4, రెండు మీటర్ల ఎత్తులో 1.0. మేస్త్రి ఏం చేస్తాడంటే, ప్రతి మెట్టునూ దాని అడుగు వెడల్పుతోనే నిలువుగా లేపేస్తాడు. అప్పుడు వైశాల్యం 1.8 + 1.4 + 1.0 = 4.2 చదరపు మీటర్లు. మనం లెక్కించింది 3.6. అంటే 20 మీటర్ల పొడవుకు 12 ఘనమీటర్ల కట్టుబడి అదనం. పాతిక బస్తాల సిమెంటు, పదిహేను ఘనమీటర్ల రాయి లెక్కకు రాకుండా మట్టి వెనక కప్పడిపోతుంది. సామాను ఎందుకు చాల్లేదో ఆ తర్వాత ఎవరికీ అర్థం కాదు.

ప్రతి మెట్టునూ దాని సగం ఎత్తు దగ్గరి వెడల్పుతో కడితే వెడల్పులు 1.6, 1.2, 0.8. మొత్తం మళ్ళీ 3.6. అయితే అడుగున 1.8 కి బదులు 1.6 అవుతుంది కాబట్టి ఇంజనీరును అడక్కుండా ఇలా మార్చకూడదు. మావయ్య గోడకు మేం అరమీటరు మెట్లు పెట్టించాం, అడుగు మెట్టు మాత్రం పూర్తి వెడల్పుతో కట్టించాం. మెట్టు ఎంత చిన్నదైతే గోడ గీతకు అంత దగ్గరగా వస్తుంది. ఏ పద్ధతైనా, పని మొదలయ్యే ముందే మెట్ల కొలతలు కాగితం మీద రాసి మేస్త్రికి ఇచ్చి, ఆ కొలతలతోనే వైశాల్యం కట్టాలి.

ఒక ఘనమీటరు గోడలో ఏముంటుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొండరాళ్ళను ఒక రూపం లేకుండా, దొరికిన సైజులో పేర్చి కట్టే గోడలో రాళ్ళ మధ్య సందులు చాలా ఉంటాయి. ఆ సందుల్లో చిన్న రాతి ముక్కలు కొట్టి, మిగిలిన చోటంతా మాలుతో నింపాలి. ముక్కలు బాగా దూర్చి కట్టిన గోడలో ఘనమీటరుకు 0.30 నుంచి 0.35 ఘనమీటరు దాకా మాలు పడుతుంది. నేను 0.33 తీసుకుంటాను. అంటే గోడలో గట్టి రాయి 0.67 ఘనమీటరు.

ఈ 0.67 అంటే మధ్యలో గాలి లేని రాయి. మనం కొనే రాయి అలా రాదు. తొట్టిలో కుప్పగా పోసిన రాళ్ళలో 40 శాతం దాకా గాలే ఉంటుంది, అంటే ఘనమీటరు కుప్పలో గట్టి రాయి 0.6 ఘనమీటరే. కాబట్టి 0.67 గట్టి రాయి కావాలంటే 1.12 ఘనమీటర్ల కుప్ప కావాలి. ముఖం సరిచేయడానికి సుత్తితో కొట్టినప్పుడు రాలే పొట్టు, కట్టుబడికి పనికిరాక పక్కన పడేసే రాళ్ళు కలిపి ఇంకో పది శాతం. అప్పుడు 1.23 అవుతుంది. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు నోటి లెక్కగా చెప్పే 1.25 ఇక్కడి నుంచే వస్తుంది.

ఇంకోచోట 1.1 అని చూస్తే కంగారు పడకండి. అదే రాయిని చేత్తో దగ్గర దగ్గరగా పేర్చి కొలిస్తే ఖాళీ 33 శాతానికి తగ్గుతుంది. అప్పుడు 0.67 గట్టి రాయికి ఒక ఘనమీటరు పేర్పు సరిపోతుంది, పది శాతం పొట్టు కలిపితే 1.1. రెండు అంకెలూ ఒకే గోడవే, కొలిచిన తీరు వేరు. తొట్టిలో కొలిచి 1.1 వాడితే రాయి చాలదు. నేను మొదటి గోడకు వాడిన 0.67 అయితే ఏ కుప్పకూ వర్తించదు.

సిమెంటు, ఇసుక

94.5 ఘనమీటర్ల గోడకు మాలు 94.5 × 0.33 = 31.2 ఘనమీటర్లు. ఇది నీళ్ళు పోసి కలిపాక ఉండే పరిమాణం. పొడిగా ఉన్నప్పుడు సిమెంటు, ఇసుక కలిపి కొలిస్తే దీనికన్నా మూడో వంతు ఎక్కువ ఉంటుంది. నీళ్ళు పోయగానే సిమెంటు వెళ్ళి ఇసుక రేణువుల మధ్య సందుల్లో కూర్చుంటుంది. అందుకే 1.33 తో గుణిస్తే పొడి సామాను 41.5 ఘనమీటర్లు.

మాలు ఒకటికి ఐదు పాళ్ళు అనుకుందాం. మొత్తం ఆరు భాగాల్లో ఒకటి సిమెంటు, అంటే 6.91 ఘనమీటర్లు. ఘనమీటరు సిమెంటు బరువు 1440 కిలోలుగా తీసుకుంటే 9,950 కిలోలు, 199 బస్తాలు. మిగిలిన ఐదు భాగాలు ఇసుక, 34.6 ఘనమీటర్లు. మన దగ్గర ఇసుక యూనిట్లలో అమ్ముతారు కాబట్టి, యూనిట్‌కు 100 ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనమీటర్లు వేసుకుంటే దాదాపు 12 యూనిట్లు.

అదే ఒకటికి ఆరు పాళ్ళయితే 171 బస్తాలు చాలు, 28 బస్తాలు తగ్గుతాయి. కానీ ఆ నిర్ణయం డిజైన్ ఇచ్చినవాళ్ళది. బస్తాలు మిగులుతాయని సైట్లో మార్చేది కాదు.

గుర్తుంచుకోవడానికి సులువైన అంకె ఒకటి చెప్తాను. ఒకటికి ఐదు మాలులో ఒక బస్తా సిమెంటుకు సుమారు 157 లీటర్ల మాలు వస్తుంది. దాంతో అర ఘనమీటరుకు కొంచెం తక్కువ గోడ లేస్తుంది. అంటే ఘనమీటరు గోడకు 2.1 బస్తాలు. సైట్లో నిలబడి లెక్క చూసుకోవడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఇసుక దగ్గర మాత్రం ఒక చిక్కు ఉంది. పైన చెప్పిన 12 యూనిట్లు పొడి ఇసుక. గోస్తనీ ఇసుకైనా నాగావళి ఇసుకైనా ఏటిలోంచి వచ్చేది చెమ్మగా ఉంటుంది, చెమ్మ ఇసుక ఉబ్బి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది ఎంత ఉబ్బిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నిలువు గోడల గాజు గ్లాసులో చెమ్మ ఇసుక వదులుగా పోసి ఎత్తు కొలవండి. తర్వాత నీళ్ళు నిండా పోసి పుల్లతో కలిపి, ఇసుక అడుక్కు కూర్చున్నాక మళ్ళీ కొలవండి. 20 సెంటీమీటర్లు 16 కు దిగితే ఉబ్బు 16 లో నాలుగు, అంటే 25 శాతం. అలాంటి ఇసుక మనకు 34.6 కాదు, 43 ఘనమీటర్లు కావాలి. అంటే 15 యూనిట్లు.

కలిపేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి. బస్తా సిమెంటు 35 లీటర్లు. 40 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 ఎత్తు ఉన్న చెక్క పెట్టె సరిగ్గా అంతే పడుతుంది. బస్తాకు ఐదు పెట్టెల పొడి ఇసుక వేయాలి. 25 శాతం ఉబ్బిన ఇసుకైతే ఆరుంబావు పెట్టెలు. వాన వెలిసిన మర్నాడు కూడా ఐదే వేస్తే నిజానికి ఒకటికి నాలుగు మాలు కలుపుతున్నట్టు, సిమెంటు లెక్క అక్కడే తప్పుతుంది. తట్టలతో కొలవడం అసలు వద్దు. ఒకరు నింపిన తట్ట ఇంకొకరు నింపిన తట్టలా ఉండదు.

రాయిని కాటా మీద తూచడం

కుప్పలో 40 శాతం ఖాళీ అని పైన తీసుకున్నది అంచనా. మీకు వచ్చే రాయిలో ఎంత ఖాళీ ఉందో వే బ్రిడ్జి మీద రూపాయల ఖర్చుతో తేలిపోతుంది. మావయ్య పనికి మొదటి ట్రాక్టరును నేను అలాగే తూపించాను.

తొట్టి లోపలి పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. రాళ్ళు మధ్యలో గుట్టగా, మూలల్లో దిగి ఉన్నాయి. తొమ్మిది చోట్ల లోతు కొలిచి సగటు తీస్తే అరమీటరు. పరిమాణం 2.7 ఘనమీటర్లు, అంటే 95 ఘనపుటడుగులు. డ్రైవరు యూనిట్ అన్నాడు, ఐదు అడుగులు తక్కువే అనుకోండి. ఖాళీ బండి బరువు తీసేస్తే రాయి 4,100 కిలోలు.

ఇక రాయి సాంద్రత కావాలి. తూచిన ఒక రాయిని అంచుదాకా నీళ్ళున్న బకెట్‌లో మెల్లగా దించి, పొర్లిన నీళ్ళను కొలిస్తే తెలుస్తుంది. 10 కిలోల రాయికి 3.75 లీటర్లు పొర్లితే లీటరుకు 2.67 కిలోలు. మామూలు గట్టి రాయికి ఘనమీటరుకు 2,650 కిలోలు వేసుకోవచ్చు. 4,100 ను 2,650 తో భాగిస్తే గట్టి రాయి 1.55 ఘనమీటర్లు. తొట్టి పరిమాణం 2.7 లో అది 57 శాతం. కాబట్టి ఖాళీ 40 కాదు, 43 శాతం.

ఇప్పుడు మన అసలు అంకెను సరిచేయొచ్చు. 0.67 ను పది శాతం పెంచి 0.573 తో భాగిస్తే 1.29. గోడ మొత్తానికి దాదాపు 122 ఘనమీటర్ల రాయి, ఇదే తొట్టితో 45 ట్రాక్టర్లు, 43 యూనిట్లు. 1.25 తో వేసుంటే 118 ఘనమీటర్లు వచ్చేది. తేడా ఒకటిన్నర ట్రాక్టరు. 1.25 లెక్క రాసిన కాగితాన్నే నమ్ముకుని ఉంటే, చివర్లో అంత రాయి తక్కువైనా ఎందుకు తక్కువైందో తెలిసేది కాదు.

బరువు లెక్క ఇంకో పక్కన పెట్టుకోవాలి. గోడలో గట్టి రాయి 63.3 ఘనమీటర్లు, పొట్టుతో కలిపి దాదాపు 70, అంటే 184 టన్నులు. రాయి టన్నుల్లో కొనగలిగితే అదే మేలు. ఖాళీల గొడవ ఉండదు, పెద్ద రాళ్ళను ఏటవాలుగా నిలబెట్టి కింద గుహలు వదిలి తొట్టి నిండుగా చూపించే విద్య అక్కడ పనిచేయదు.

తూచేటప్పుడే రాయి రకం కూడా చూసుకోవాలి. మా కొండల్లో రెండు రకాలు ఎక్కువ. ఒకటి నల్లగా, ఆకుపచ్చ ఛాయతో గట్టిగా ఉండే చార్నొకైట్. ఇంకోటి ఎర్రటి గార్నెట్ చుక్కలతో ఉండే ఖోండలైట్. తాజా ఖోండలైట్‌తో ఇబ్బంది లేదు. కొండ పైపొరలో ఎండకూ వానకూ నాని పసుపు, తుప్పు రంగుకు తిరిగింది మాత్రం సుత్తి తగలగానే పెళుసుగా విరుగుతుంది, గోరుతో గీస్తే పొడి రాలుతుంది. ఒక రాయిని తూచి, రోజంతా నీళ్ళలో ఉంచి, తుడిచి మళ్ళీ తూచండి. బరువు 5 శాతం కన్నా ఎక్కువ పెరిగితే ఆ రాయి వద్దు. మెత్తటి రాయి లెక్కనూ పాడు చేస్తుంది. సుత్తి కింద ఎక్కువ పొడి అవుతుంది కాబట్టి పది శాతం పొట్టు అనుకున్నది ఇరవైకి పోతుంది.

ఏటి గుండ్రాళ్ళు చవగ్గా వస్తాయని కొందరు తెస్తారు. గుండ్రాయి పక్క రాయిని చుక్క దగ్గరే తాకుతుంది, చుట్టూ సందు మిగిలిపోతుంది. మాలు 0.33 నుంచి 0.40 దాటిపోతుంది. రాయి దగ్గర మిగిలింది సిమెంటు దగ్గర పోతుంది, గోడ పట్టు కూడా తగ్గుతుంది.

మొదటి ఐదు ఘనమీటర్లు

ఇన్ని లెక్కలూ మేస్త్రి చేయి చూశాక మళ్ళీ సరిచేసుకోవాలి. అందుకు గోడ మొదలైన చోట 3 మీటర్ల పొడవున మొదటి మీటరు ఎత్తు కట్టేదాకా ప్రతి బస్తానూ లెక్క పెట్టించాను. అక్కడ వెడల్పు 1.8 నుంచి 1.4 కు వస్తుంది, సగటు 1.6. కట్టుబడి 4.8 ఘనమీటర్లు, లెక్క ప్రకారం 10 బస్తాలు పట్టాలి. మెట్ల వల్ల వచ్చే చిన్న తేడాను ఇక్కడ వదిలేశాను.

12 బస్తాలు పట్టాయి. అంటే మాలు 1.88 ఘనమీటర్లు, ఘనమీటరుకు 0.39. "ఈ రాయికి మాలు ఎక్కువ లాగుతాది బాబూ" అన్నాడు మేస్త్రి. రాయి తప్పు కాదని పక్కన కూర్చుని చూస్తే తెలిసింది. పెద్ద రాయి పెట్టి, సందులో మాలు గుమ్మరించి, దాని మీద ఇంకో రాయి పెడుతున్నారు. ముక్కలు కొట్టి ఇవ్వడానికి మనిషి లేడు. ఒక కూలీకి ఆ పని ఒక్కటే అప్పజెప్పాం. ముందు ముక్కను సందులో బిగించి, తర్వాత మాలుతో నింపి, చివర సుత్తితో తట్టడం. పక్క 3 మీటర్లకు పదిన్నర బస్తాలు పట్టాయి.

అంకె ఎక్కువైతే డబ్బు పోతుంది. తక్కువైతే భయపడాలి. అంతే గోడకు 7 బస్తాలే పట్టాయంటే ఘనమీటరుకు 0.23 మాలు, లోపల గుల్ల ఉన్నట్టే. ముఖానికి మాలు పూసి నీటుగా కనిపిస్తుంది, మధ్యలో పొడి రాళ్ళు ఉంటాయి. దాన్ని పట్టడానికి ఒక వరుస పూర్తయి, మాలు గట్టిపడ్డ మర్నాడు పైన బకెట్ నీళ్ళు పోయండి. నీళ్ళు నిలిచి మెల్లగా ఇంకితే సరే. గడగడ లోపలికి దిగిపోతే వరుస విప్పించాల్సిందే. ఇనుప కడ్డీతో సందులో పొడిచినా తెలుస్తుంది, గుల్ల ఉన్నచోట అడ్డు లేకుండా జారిపోతుంది.

గోడ వెడల్పును కలిపి పట్టే బాండ్ రాళ్ళు రాతి లెక్కలోనే వస్తాయి, విడిగా కలపక్కర్లేదు. కానీ అవి తొట్టిలో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. గోడ ముఖంలో ప్రతి అర చదరపు మీటరుకూ ఒకటి ఉండాలి. మన గోడ ముఖం 60, 22.5 కలిపి 82.5 చదరపు మీటర్లు, కాబట్టి 165 చోట్ల. అడుగున 1.8 మీటర్ల వెడల్పుకు ఒకే రాయి దొరకదు. రెండు మూడు పొడవాటి రాళ్ళను ఒకదానిమీద ఒకటి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కేలా పెడతారు. పొడవాటి రాళ్ళు పక్కన పెట్టమని క్వారీ దగ్గరే చెప్పకపోతే, సైట్లో ఉన్న పొడవాటి రాయి సుత్తి కింద ముక్కలైపోతుంది.

ఈ లెక్కలో లేనివి

అడుగున వేసే కాంక్రీటు, పైన వేసే కోపింగ్ ఈ 94.5 ఘనమీటర్లలో లేవు. గోడ ఎత్తు కాంక్రీటు పై నుంచి కోపింగ్ కింది దాకానే. అడుగు కాంక్రీటు రెండు వైపులా 15 సెంటీమీటర్లు బయటికి, 15 మందం అంటే 20 మీటర్లకు 6.3 ఘనమీటర్లు. దాని సిమెంటు వేరే లెక్క.

ఎక్కువమంది మర్చిపోయేది గోడ వెనక నీళ్ళు దిగడానికి పోసే రాతి ముక్కల పొర. 30 సెంటీమీటర్ల మందాన భూమి పైన ఉన్న ఎత్తు అంతా పోస్తే మన గోడకు 14.4, పక్క ముక్కకు దాదాపు 5, మొత్తం 19 ఘనమీటర్లు. తుపాను వాన రెండు రోజులు పట్టి కురిసినప్పుడు మట్టితో పాటు నీళ్ళ ఒత్తిడి కూడా గోడ మీద పడకుండా కాపాడేది ఈ పొరా గొట్టాలే. కట్టుబడి దగ్గర రాలిన ముక్కలు ఇందులో కలుస్తాయి, కానీ చాలవు. మేం ఆరు యూనిట్లు విడిగా తెప్పించాం.

చివరికి మావయ్య గోడకు 204 బస్తాలు పట్టాయి, లెక్క కన్నా ఐదు ఎక్కువ. అందులో రెండు మొదటి 3 మీటర్లలో పోయినవి. రాయి 46 ట్రాక్టర్లు వచ్చింది. వెనక మట్టి పోసే ముందు రోజు ప్రతి ఐదు మీటర్లకూ టేపు పెట్టి వెడల్పులు ఫోటో తీయించాను. మట్టి పడ్డాక గోడ వెనక మెట్టు ఎంత వెడల్పుందో చెప్పగలిగింది ఆ ఫోటోలే.